ప్రకటనలో సీనియర్, ఆఫర్ లెటర్‌లో ఒక మెట్టు కింద: సంతకానికి ముందు ఏం అడగాలి, ఎలా అడగాలి

పోయిన శ్రావణంలో ఒక గురువారం రాత్రి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఆఫర్ వచ్చింది గానీ..." అని ఆగిపోయింది. ఆరేళ్ల అనుభవం ఉన్న జావా డెవలపర్. హైదరాబాద్‌లో ఒక విదేశీ కంపెనీ టెక్నాలజీ సెంటర్‌కి అప్లై చేసింది. ప్రకటనలో ఉన్న ఉద్యోగం సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ఐదు రౌండ్లు అయ్యాయి, ఫోన్‌లో జీతం మాట్లాడుకున్నారు, అందరూ సంతోషంగానే ఉన్నారు. లెటర్ తెరిచి చూస్తే హోదా దగ్గర 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 2' అని ఉంది. జీతం మాట్లాడుకున్నదే. సోమవారం సాయంత్రం ఆరింటిలోపు పోర్టల్‌లో అంగీకరించాలి. పాత కంపెనీలో అప్పటికే రాజీనామా ఇచ్చేసింది, నోటీసులో ఇంకా 38 రోజులున్నాయి.

నేను పదేళ్లుగా రిక్రూట్‌మెంట్ వైపు పనిచేస్తున్నాను. ఇలాంటి లెటర్లు పంపే చోట కూర్చున్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో తెలుసు. తనతో ఆ నాలుగు రోజులు, తర్వాతి వారం చేయించిన పనినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు తనకు చెప్పింది ఒక్కటే: ముందు ప్రశ్న అడగాలి, ఆ తర్వాతే అభ్యర్థన పెట్టాలి. రెండూ ఒకే మెయిల్‌లో కలిపితే ప్రశ్నకు జవాబు రాదు, అభ్యర్థనకు బలం ఉండదు.

మొదటి పని: బటన్ నొక్కకుండా ఆగడం, కాగితాలు దాచుకోవడం

"ముందు యాక్సెప్ట్ చేసేసి తర్వాత అడగొచ్చు కదా" అని చాలామంది అనుకుంటారు. అక్కడే చేయి జారుతుంది. ఉద్యోగ ప్రకటన అనేది దరఖాస్తు చేసుకోమని పిలవడం మాత్రమే, అది కంపెనీ ఇచ్చిన మాట కాదు. మీరు సంతకం పెట్టే లెటరే ఒప్పందం. అందులో చివరి పేజీల్లో, 'ఇంతకుముందు జరిగిన మాటలు, రాతల స్థానంలో ఈ లెటరే వర్తిస్తుంది' అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి తరచుగా ఉంటుంది. ఆ వాక్యం ఉన్న లెటర్ మీద సంతకం పెట్టాక, ఫోన్‌లో రిక్రూటర్ అన్న మాటకు విలువ దాదాపు పోయినట్టే.

ఇంకో వైపు తప్పు కూడా ఉంది. 'సీనియర్ హోదా ఇస్తారన్న షరతు మీద అంగీకరిస్తున్నాను' అని రాస్తారు కొందరు. 1872 నాటి భారత ఒప్పంద చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం సంపూర్ణంగా, ఏ షరతూ లేకుండా ఉండాలి. షరతు పెట్టి అంగీకరిస్తే అది అంగీకారం కాకుండా మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన అయ్యే ప్రమాదం ఉంది. కేవలం వివరణ అడగడం మాత్రం ఆఫర్‌ను కాదనడం కిందకి రాదు. అందుకే మొదటి మెయిల్ ప్రశ్నలాగే ఉండాలి.

ఇక కాగితాలు. ఉద్యోగం భర్తీ అవగానే ప్రకటన కెరీర్స్ పేజీ నుంచి మాయమవుతుంది, కాబట్టి ఇంకా కనిపిస్తుంటే వెంటనే పీడీఎఫ్ చేసుకోండి. మాయమైపోయినా కంగారు అక్కర్లేదు. అప్లై చేసిన రోజు మీకు ఆటోమేటిక్‌గా వచ్చిన మెయిల్‌లో ఉద్యోగం పేరు, ఆ ఖాళీకి కంపెనీ ఇచ్చే రిక్విజిషన్ నంబరు రెండూ సాధారణంగా ఉంటాయి. ఇంటర్వ్యూలకు వచ్చిన క్యాలెండర్ పిలుపుల సబ్జెక్ట్ లైన్‌లో కూడా హోదా పేరు ఉండొచ్చు. మా చెల్లి విషయంలో ప్రకటన అప్పటికే తీసేశారు. కానీ అప్లికేషన్ మెయిల్‌లోనూ, నాలుగు ఇంటర్వ్యూ పిలుపుల్లోనూ 'సీనియర్' అనే ఉంది. ఐదో పిలుపులో లేదు. ఆ చిన్న తేడా తర్వాత చాలా పనికొచ్చింది.

రెండో పని: లెటర్‌లో ఏది తగ్గిందో సరిగ్గా చూడటం

హోదా, గ్రేడ్ ఒకటి కాదు. హోదా అంటే మీ పేరు కింద కనిపించే మాట. గ్రేడ్ అంటే, కొన్నిచోట్ల బ్యాండ్ అనో లెవెల్ అనో అంటారు, కంపెనీ హెచ్‌ఆర్ సిస్టమ్‌లో మీరు కూర్చునే మెట్టు. జీతం పరిధి, వేరియబుల్ శాతం, బీమా మొత్తం, ఒక్కోసారి నోటీసు వ్యవధి కూడా గ్రేడ్‌నే పట్టుకుని ఉంటాయి. లెటర్ మొదటి పేజీలో హోదా ఉంటుంది. గ్రేడ్ మాత్రం జీతం వివరాలున్న అనుబంధంలో ఓ మూల చిన్నగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. లేకపోతే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

తేడాకు కారణాలు నా అనుభవంలో ఎక్కువగా మూడే కనిపించాయి. ఒకటి, పొరపాటు: పాత టెంప్లేట్ వాడటం, డ్రాప్‌డౌన్‌లో పక్క వరుస ఎంచుకోవడం. ఇది అనుకున్నదానికంటే తరచుగానే జరుగుతుంది, ఒక్క మెయిల్‌తో సరిపోతుంది. రెండు, పేర్ల తేడా: బయట ప్రకటనలో అందరికీ అర్థమయ్యేలా 'సీనియర్' అని వేస్తారు, లోపల అదే మెట్టుకు వేరే పేరు ఉంటుంది. అప్పుడు గ్రేడ్ సరిగ్గానే ఉంటుంది, పేరే వేరు. మూడు, నిజంగానే ఒక మెట్టు దించడం. ఇంటర్వ్యూ బోర్డు 'మనిషి కావాలి, కానీ ఆ మెట్టుకు ఇంకా సిద్ధంగా లేరు' అని తేల్చినప్పుడో, ఆ మెట్టుకున్న బడ్జెట్ పోయి కింది మెట్టుదే మిగిలినప్పుడో ఇలా చేస్తారు. అభ్యర్థికి ఆ సంగతి ముందే చెప్పాల్సిన బాధ్యత రిక్రూటర్‌ది. చెప్పకుండా లెటర్ పంపడం తప్పే. కానీ కోపంగా రాసిన మెయిల్ ఆ తప్పును సరిదిద్దదు.

ప్రకటనను ఇంకోసారి చదవండి. 'ఇంటర్వ్యూలో కనబరిచిన నైపుణ్యాన్ని బట్టి లెవెల్ నిర్ణయిస్తాం' అన్న వాక్యం అడుగున ఉందా? ఉంటే మీ వాదన మారుతుంది. 'ప్రకటనకు విరుద్ధం' అనే మాట పనికిరాదు, 'నిర్ణయానికి ఆధారం ఏమిటి' అనే ప్రశ్న మాత్రమే నిలుస్తుంది. అలాగే ఒక కంపెనీలో సీనియర్ అంటే ఇంకో కంపెనీలో సీనియర్ కాదు. సర్వీసెస్ కంపెనీలో మూడేళ్లకే ఆ పేరు రావచ్చు, ప్రోడక్ట్ కంపెనీలో అదే పేరుకు ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. 'నేను ఇప్పటికే సీనియర్‌ని' అనే వాదన ఒక్కటే పట్టుకుని వెళ్తే అవతలివాళ్లను కదిలించదు.

మూడో పని: ప్రశ్నల మెయిల్

ఫోన్ చేయాలా, మెయిల్ రాయాలా? మెయిల్ ముందు, ఫోన్ తర్వాత అంటాను నేను. ఫోన్‌లో అడిగితే రిక్రూటర్ అప్పటికప్పుడు తోచిన మాట చెప్తారు, దానికి రాత ఉండదు. మెయిల్ చూసి ఫోన్ చేస్తే మాత్రం లోపల కనుక్కునే మాట్లాడతారు.

మా చెల్లి శుక్రవారం ఉదయం పంపిన మెయిల్ ఇంగ్లీషులో వెళ్లింది. విషయం తెలుగులో ఇస్తున్నాను, మీ మాటల్లో మీరు రాసుకోండి.

"ఆఫర్ అందింది, ధన్యవాదాలు. ఈ టీమ్‌లో చేరాలని నాకు ఆసక్తి ఉంది. అంగీకరించే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. నేను దరఖాస్తు చేసినది ఫలానా నంబరు రిక్విజిషన్‌కి, అందులో హోదా సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ఆఫర్ లెటర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ 2 అని ఉంది. ఇది లెటర్‌లో దొర్లిన పొరపాటా, లోపల వాడే పేరా, లేక లెవెల్ మారిందా? నా ఆఫర్ ఏ గ్రేడ్‌లో ఉంది, ప్రకటించిన ఉద్యోగం ఏ గ్రేడ్‌లో ఉంది? లెవెల్ మారి ఉంటే, ఏ అంశం ఆధారంగా మారిందో తెలియజేయగలరా? మీ జవాబు చూసి నిర్ణయం చెప్పడానికి, సోమవారం గడువును గురువారం వరకు పొడిగించమని కోరుతున్నాను."

మెయిల్ అంతే. జీతం ఊసు లేదు, 'నిరాశ చెందాను' అనే మాట లేదు, 'సీనియర్ ఇవ్వండి' అని లేదు. మూడు కారణాలనూ మనమే పేర్కొనడం వల్ల అవతలివాళ్లు అందులో ఒకటి ఎంచుకుని జవాబివ్వాల్సి వస్తుంది. పొరపాటే అయితే వాళ్లకు గౌరవంగా సరిదిద్దుకునే దారి దొరుకుతుంది. గడువు పొడిగింపుకు మాత్రం కచ్చితంగా ఒక రోజు పేరు చెప్పాలి. 'కొంచెం సమయం ఇవ్వండి' అంటే జవాబు రాకుండానే పోర్టల్ లింక్ మూసుకుపోతుంది. ఇంకో మాట: ఈ మెయిల్ రిక్రూటర్‌కి మాత్రమే వెళ్లాలి. హైరింగ్ మేనేజర్‌ని కాపీలో పెడితే రిక్రూటర్‌కి తన మీద ఫిర్యాదు చేసినట్టుంటుంది. మీ తరఫున లోపల తిరగాల్సిన మనిషి ఆయనే.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "టైటిల్‌దేముందండీ, ప్యాకేజీ అదే కదా. జాయినయ్యాక ఆరు నెలల్లో ప్రమోషన్ చూసుకోవచ్చు" అన్నారు. ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను, అనడం కూడా చూశాను. చెడు ఉద్దేశంతో అంటారని కాదు, కానీ ప్రమోషన్ రిక్రూటర్ చేతిలో ఉండదు. చాలా కంపెనీల్లో ఒక లెవెల్‌లో కనీసం ఏడాదో ఏడాదిన్నరో గడిపితే గానీ పేరు పరిశీలనకే రాదు. తను నేను చెప్పినట్టే అడిగింది: "అలాగేనండీ. ఆరు నెలలకు పరిశీలిస్తారన్నది లెటర్‌లో రాస్తారా? ఈ లెవెల్‌లో కనీస వ్యవధి ఎంత?" అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత అసలు విషయం బయటికొచ్చింది. నాలుగో రౌండ్, అంటే సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో మార్కులు తక్కువొచ్చాయి, బోర్డు ఒక మెట్టు దించి తీసుకుందామంది. ఐదో పిలుపులో 'సీనియర్' మాట లేకపోవడానికి కారణం అదే.

ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో మూడు వాక్యాల మెయిల్ వెళ్లాలి: 'ఇప్పుడు మాట్లాడిన దాని ప్రకారం, లెవెల్ మార్పుకు కారణం డిజైన్ రౌండ్ ఫలితం అని, గడువు గురువారం వరకు పొడిగించారని అర్థం చేసుకున్నాను. తప్పుంటే చెప్పండి.' గడువు పొడిగింపు పోర్టల్‌లో కనిపించేదాకా పొడిగించినట్టు కాదు. తనకు ఆదివారం రాత్రి వరకూ అక్కడ సోమవారమే చూపించింది. సోమవారం ఉదయం గుర్తుచేస్తే మార్చారు.

నాలుగో పని: సమీక్ష అడగడం

ఇప్పుడు కారణం తెలిసింది కాబట్టి అభ్యర్థన దాని మీదే నిలబడాలి. మొత్తం ఐదు రౌండ్లూ, ఆరేళ్ల అనుభవమూ ఏకరువు పెట్టడం దండగ. లోపల జరిగేది ఇది: రిక్రూటర్ మీ మెయిల్‌ను హైరింగ్ మేనేజర్‌కి చూపిస్తారు. ఆయన ఇంటర్వ్యూ చేసినవాళ్లు రాసిన అభిప్రాయాలు మళ్లీ తెరుస్తారు. మారుద్దామనుకుంటే జీతాలు చూసే విభాగం ఒప్పుకోవాలి, రిక్విజిషన్‌కి మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి. అంటే మీ మెయిల్ మీరు లేని గదిలో ఇంకొకరు చదివి వాదించడానికి పనికిరావాలి. అందుకే పొట్టిగా, ఫోన్ స్క్రీన్‌లో ఒకసారి కిందికి జరిపితే అయిపోయేంత ఉండాలి.

చెల్లిని కూర్చోబెట్టి డిజైన్ రౌండ్ ఎలా జరిగిందో అడిగాను. గంట రౌండ్. ఇంటర్వ్యూ చేసే వ్యక్తి ముందు మీటింగ్ వల్ల పాతిక నిమిషాలు ఆలస్యంగా వచ్చారు, మిగిలింది 35 నిమిషాలు. డేటాబేస్‌ను విడగొట్టే భాగానికి వచ్చేసరికే సమయం అయిపోయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు తను. "చెప్తే సాకులా ఉంటుందేమో అక్కా" అంది. ఫలితం వచ్చాక, ఫలితం బాగోలేదని తెలిశాక చెప్తే సాకులానే ఉంటుంది. కానీ నిందలా కాకుండా, సరిదిద్దే మార్గంతో కలిపి చెప్తే అది సమాచారం అవుతుంది. (ఇలాంటిది జరిగిన రోజే రిక్రూటర్‌కి రెండు ముక్కలు రాసి పెట్టుకోవడం ఇంకా మంచిది.)

రెండో మెయిల్‌లో మూడు భాగాలున్నాయి. మొదటి దాంట్లో కారణం చెప్పినందుకు ధన్యవాదం, ఆ రౌండ్ 35 నిమిషాలే జరిగిందన్న సంగతి, ఇంటర్వ్యూ మొదలైన సమయం. రెండో దాంట్లో, అప్లై చేసేటప్పుడు ప్రకటనలో చదివిన రెండు వాక్యాలు తీసుకుని, వాటికి తను చేసిన పని జత చేసింది. 'సేవల రూపకల్పనకు స్వతంత్రంగా బాధ్యత వహించాలి' అన్నదానికి ఎదురుగా, పాత కంపెనీలో చెల్లింపుల సేవను తను ఒంటరిగా డిజైన్ చేసి, ఇద్దరు జూనియర్లతో కట్టించి, పద్నాలుగు నెలలుగా నడిపిస్తున్న సంగతి. 'జూనియర్ ఇంజనీర్లకు మార్గదర్శనం చేయాలి' అన్నదానికి ఎదురుగా ఆ ఇద్దరి కోడ్‌ను సమీక్షించే బాధ్యత తనదేనన్న సంగతి. పాత కంపెనీ క్లయింట్ పేర్లు, లోపలి అంకెలు రాయకూడదు, అది గోప్యత ఉల్లంఘన. మూడో దాంట్లో అభ్యర్థన: "వీలైతే డిజైన్ రౌండ్ మరోసారి పూర్తి సమయంతో ఇచ్చి, దాని ఆధారంగా లెవెల్‌ను సమీక్షించమని కోరుతున్నాను. అది సాధ్యం కాకపోతే, తర్వాతి ప్రమోషన్ సైకిల్‌కి నేను అర్హురాలినో కాదో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఒక ముఖ్య కోరిక, ఒక ప్రత్యామ్నాయం. అంతకు మించి పెట్టొద్దు. హోదా, జీతం, జాయినింగ్ బోనస్, ఇంటి నుంచి పని అన్నీ ఒకే జాబితాలో పెడితే, వాళ్లకు తేలికైనది ఒకటి ఇచ్చి మిగతావి మూసేస్తారు. ఇక్కడ 'సీనియర్ ఇవ్వండి' అని అడగలేదని గమనించండి. ఇంటర్వ్యూ బోర్డు తన మాట తనే వెనక్కి తీసుకోవడం కష్టం. కొత్త ఆధారం చూపిస్తే నిర్ణయం మార్చుకోవడం వాళ్లకు సులువు.

ఎక్కడ దీన్ని వాడకూడదో కూడా చెప్పాలి. చేతిలో వేరే ఆఫర్ లేనప్పుడు, ఉన్నట్టు రాయకండి. నోటీసు చివరి వారంలో ఉండి, ఇంకో దారి లేకపోతే ప్రశ్నల మెయిల్ నిర్భయంగా పంపొచ్చు, కానీ 'లేకపోతే చేరను' అనే ధ్వని వద్దు. అనుమతులకు నాలుగు పనిదినాల నుంచి వారం దాకా పట్టడం చూశాను. మీకు అంత వ్యవధి ఉందో లేదో లెక్క వేసుకోండి.

ఐదో పని: సవరించిన లెటర్ చదవడం

బుధవారం మళ్లీ డిజైన్ రౌండ్ పెట్టారు, ఈసారి పూర్తి గంట. గడువును ఇంకో వారం జరిపారు. తర్వాతి మంగళవారం సవరించిన లెటర్ వచ్చింది: సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ఇంట్లో స్వీట్లు పంచుకున్నారు. నేను మాత్రం అనుబంధం పంపమన్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మొదటి పేజీ చూసి సంతకం పెట్టేస్తారు.

పాత లెటర్‌లో ఫిక్స్‌డ్ 24 లక్షలు, దాని మీద 10 శాతం వేరియబుల్, అంటే 2.4 లక్షలు, మొత్తం 26.4 లక్షలు. పై మెట్టుకు వేరియబుల్ 15 శాతం. కొత్త లెటర్‌లో మొత్తాన్ని 26.4 లక్షలే ఉంచి శాతం మాత్రం మార్చారు. 26.4ని 1.15తో భాగిస్తే ఫిక్స్‌డ్ 22.96 లక్షలు వస్తుంది, వేరియబుల్ 3.44 లక్షలు. అంటే హోదా పెరిగింది, కచ్చితంగా చేతికొచ్చే భాగం ఏడాదికి లక్షా నాలుగు వేల రూపాయల పైచిలుకు తగ్గింది. నెలకు దాదాపు 8,700. వేరియబుల్ కంపెనీ ఫలితాల మీద ఆధారపడుతుంది, పూర్తిగా రావచ్చు, రాకపోవచ్చు. ఇందులో దురుద్దేశం వెతకక్కర్లేదు. మొత్తం అంకెకే అనుమతి ఉంటే సిస్టమ్ అలా విడగొడుతుంది.

దీనికి రెండు వాక్యాల మెయిల్ చాలింది: 'హోదా సవరణకు ధన్యవాదాలు. మనం మాట్లాడుకున్న ఫిక్స్‌డ్ 24 లక్షలు కొత్త లెటర్‌లో 22.96గా ఉంది, దయచేసి సరిచూడగలరు.' రెండు రోజుల్లో ఫిక్స్‌డ్ 24, వేరియబుల్ 3.6, మొత్తం 27.6 లక్షలతో మూడో లెటర్ వచ్చింది. నోటీసు వ్యవధి, ప్రొబేషన్, బోనస్ తిరిగి చెల్లించే షరతు, చేరే తేదీ కూడా మొదటి లెటర్‌తో పక్కపక్కనే పెట్టి చూశాం. పోర్టల్‌లో పాత లింక్ తీసేశారని చూసుకున్నాకే కొత్తదాని మీద నొక్కింది.

కాదంటే?

అన్నిసార్లూ ఇలా జరగదు. కాదన్న జవాబు వచ్చి, అయినా చేరాలనుకుంటే రెండు విషయాలు రాతలో తీసుకోండి. ఒకటి, తర్వాతి సైకిల్ అర్హత. చాలా కంపెనీల్లో ఒక తేదీకి ముందు చేరినవాళ్లనే ఆ ఏడాది సమీక్షలో కలుపుతారు. ఆ తేదీ అక్టోబర్ 1 అయి, మీరు అక్టోబర్ 6న చేరుతుంటే, ఆ ఐదు రోజులు మీకు ఒక ఏడాది ఖరీదు చేస్తాయి. చేరే తేదీని కొన్ని రోజుల ముందే పెట్టడం హోదా మార్చడం కంటే వాళ్లకు చాలా తేలిక. రెండు, అనుభవ ధృవపత్రంలో ఏ హోదా వస్తుంది అన్నది. ఈమెయిల్ సంతకంలో 'సీనియర్' అని పెట్టుకోండి అని కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. కానీ రేపు మీరు మారేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో హెచ్‌ఆర్ సిస్టమ్‌లోని హోదానే చెప్తారు. రెజ్యూమెలో ఒకటి, ధృవపత్రంలో ఒకటి ఉంటే సంజాయిషీ మీరే ఇచ్చుకోవాలి.

ఇక తూచుకోవాల్సింది ఒకటి ఉంది. కింది గ్రేడ్ జీతం పరిధిలో పైఅంచున చేరితే, మొదటి ఏడాది ఇంక్రిమెంట్ సన్నగా ఉండొచ్చు, ఎందుకంటే పెరగడానికి చోటు తక్కువ. పై గ్రేడ్ అడుగున చేరితే చోటు ఉంటుంది, కానీ అంచనాలూ ఆ మెట్టుకు తగ్గట్టే మొదటి రోజు నుంచే ఉంటాయి. డిజైన్ రౌండ్‌లో మీకు నిజంగా పూర్తి సమయం దొరికి, అయినా తడబడి ఉంటే, ఒక మెట్టు కింద చేరి ఏడాదిలో ఎక్కడం తప్పు నిర్ణయం కాదు. ఇది మీ మనసుకే తెలుస్తుంది, రిక్రూటర్‌కి తెలియదు.

ఇప్పటికే అంగీకరించేసి, తర్వాత తేడా గమనించినవాళ్లు కూడా నాకు రాస్తుంటారు. చేరకముందే అయితే ప్రశ్నల మెయిల్ అలాగే పంపండి, గడువు వాక్యం తీసేయండి. పొరపాటు అయితే ఇప్పటికీ సరిదిద్దుతారు. నిజంగా మెట్టు దించి ఉంటే మాత్రం లెవెల్ మారడం అరుదు. అప్పుడు మీ శక్తి అంతా చేరే తేదీ, సైకిల్ అర్హత మీద పెట్టండి. ఆ రెండూ రాతలో వచ్చిన మెయిల్‌ను సొంత మెయిల్ ఐడీలో దాచుకోండి. రిక్రూటర్ మారిపోయినా, మేనేజర్ మారిపోయినా, ఏప్రిల్‌లో చూపించడానికి చేతిలో ఉండేది అదొక్కటే.